పూయాలి, పూశారు: పాత సంభాషణను కుదించేటప్పుడు జారిపోయేది

మా బావది నల్లగొండ నుంచి హాలియా వెళ్లే దారిలో నాలుగెకరాల బత్తాయి తోట. తోటలో ఏ తేడా కనిపించినా ఫోనులో ఒక ఉద్యాన సలహాదారుకు సందేశం పెడతాడు. మూడు నెలల్లో ఇద్దరి మధ్య 240 సందేశాలు నడిచాయి. ఆ సలహాదారుకు మా బావలాంటి రైతులు వందల మంది. అందుకే పాత సందేశాలు చదివి జవాబుకు ముసాయిదా రాసిపెట్టే ప్రోగ్రాం ఒకటి ఆయన వాడతారు. దిద్ది పంపేది ఆయనే. ఆ ప్రోగ్రాంలో పాత సంభాషణను కుదించే భాగం నా పని. ఇక్కడ చెప్పేది నేను చేసిన ఒక తప్పు గురించి.

అసలు కుదించడం ఎందుకు? ఇలాంటి ప్రోగ్రాం వెనక ఉండే భాషా నమూనాకు నిన్నటి మాట దానంతటది గుర్తుండదు. ప్రతి జవాబుకూ మొత్తం సంభాషణను మొదటి నుంచి దాని ముందు పెట్టాలి. రైతు ఒకటి, సలహాదారు ఒకటి చొప్పున 240 సందేశాలంటే 120 జవాబులు. మొదటి జవాబుకు ఒక సందేశం చదవాలి, రెండోదానికి మూడు, మూడోదానికి అయిదు. ఇలా కూడుకుంటూ పోతే 120 జవాబులు పూర్తయ్యేసరికి అది చదివిన సందేశాలు 14,400. పైగా ఒక్కసారి చూడగలిగే పాఠానికి హద్దు ఉంటుంది. దాన్ని టోకెన్లలో, అంటే మాటల ముక్కల్లో కొలుస్తారు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే భాషా నమూనాకు ఆ హద్దు 2,048 టోకెన్లు. ఇప్పటి నమూనాలు అంతకు ఎన్నో రెట్లు చూస్తాయి కానీ, తెలుగు ఆ చోటును తొందరగా తినేస్తుంది. ‘బత్తాయి’ని కంప్యూటర్ ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది. ఒక్కోదానికి సాధారణంగా మూడు బైట్లు, మొత్తం 21. మాటలను టోకెన్లుగా విడగొట్టే పద్ధతి ప్రధానంగా ఇంగ్లిష్ పాఠంతో తయారైతే, అందులో తెలుగు మాట ఎక్కువ ముక్కలవుతుంది.

కాబట్టి చివరి ఇరవై సందేశాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, అంతకు ముందువాటి స్థానంలో ఒక సారాంశం పెడతాం. వినడానికి తేలికే. మా బావ సంభాషణలో ఏం జరిగిందో చూడండి.

జూలై 9న బావ రాశాడు: “తూర్పు గట్టు వైపు 12 చెట్లకు మొదట్లో బంక కారుతోంది సార్. పక్క తోటలో కూడా వచ్చిందట.” సలహాదారు జవాబు: “బంక కారే చోట బెరడు గీకి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. ఇనుప డ్రమ్ములో కలపకండి.” బావ: “సరే సార్, ప్లాస్టిక్ డ్రమ్ము దొరికాక పూస్తాను. డ్రిప్పు పైపులు కూడా మొదలు నుంచి రెండడుగులు జరపమంటారా?” సలహాదారు: “జరపండి. నీరు మొదలుకు తగలకూడదు.”

దీనికి మా ప్రోగ్రాం రాసిన సారాంశం ఇది: “12 చెట్లకు బంక తెగులు. పక్క తోటలోనూ ఉంది. బోర్డో పేస్టు పూశారు. నీటి యాజమాన్యంపై చర్చించారు.”

చూడగానే తప్పు కనిపించదు. అంకె సరిగ్గా ఉంది, తెగులు పేరు ఉంది, మందు పేరు ఉంది. నేనూ సరేననుకున్నాను. మూడు వారాల తరువాత బావ “బంక ఇంకా తగ్గలేదు” అని రాస్తే, ప్రోగ్రాం ఆ సారాంశాన్ని నమ్ముకుని, పేస్టు పనిచేయలేదు కనుక మరో మందు కొట్టమని ముసాయిదా రాసింది. సలహాదారుకు అనుమానం వచ్చి పైకి జరిపి పాత సందేశాలు చదివారు. బావను అడిగితే నవ్వాడట: “పేస్టు ఎక్కడ సార్, ఇంకా డ్రమ్మే దొరకలేదు.”

‘పూయాలి’ అన్నది ‘పూశారు’ అయిపోయింది. జారిపోయింది సమాచారం కాదు, ఆ సమాచారం ఏ హోదాలో ఉన్నదన్న సంగతి. సలహా ఇచ్చారా, ఒప్పుకున్నారా, చేశారా, వద్దనుకున్నారా అన్న తేడా తెలుగులో చాలాచోట్ల క్రియ చివరే ఉంటుంది. కుదించేటప్పుడు ముందుగా అరిగేదీ ఆ చివరే. ‘వచ్చిందట’లోని ‘ట’ సంగతి చూడండి. విన్నాను కానీ చూడలేదని ఒక్క అక్షరంలో చెప్పాడు మా బావ. సారాంశంలో ఆ అక్షరం ఎగిరిపోయి, గాలివార్త కాస్తా నిజమైంది. ‘కలపకండి’ అన్న నిషేధం అసలు కనిపించకుండానే పోయింది. ఇక ‘చర్చించారు’ అనే మాట సారాంశాల్లో కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. చర్చించి ఏం తేల్చారో చెప్పని వాక్యం చోటు దండగ.

సంభాషణ ఇంకా పెరిగితే సారాంశాన్నే మళ్లీ కుదించాల్సి వస్తుంది, అక్కడ నష్టం రెట్టింపు. మా రెండో విడతలో మిగిలింది “కొన్ని చెట్లకు తెగులు, మందు పూశారు” అన్నదే. మనుషులూ ఇంతే. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఒక కథను ఒకరి నుంచి ఒకరికి తిరిగి చెప్పించి చూసి, వింత వివరాలు రాలిపోయి కథ అందరికీ అలవాటైన రూపంలోకి మారుతూ పోతుందని 1932లోనే ప్రచురించాడు. తెగులు, మందు, పూశారు: మా రెండో విడతా అలా అలవాటైన కథే అయింది. అందుకే ఇప్పుడు పాత సారాంశాన్ని కుదించం. మూల సందేశాలు విడిగా భద్రంగా ఉంటాయి, ప్రతిసారీ వాటి నుంచే కొత్తగా రాయిస్తాం.

రాసే తీరూ మార్చాం. అదే భాగం ఇప్పుడు ఇలా ఉంటుంది: “జూలై 9: తూర్పు గట్టు వైపు 12 చెట్ల మొదట్లో బంక, రైతు చూశాడు. పక్క తోటలో ఉందని విన్నాడు, చూడలేదు. సలహా: బెరడు గీకి బోర్డో పేస్టు, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, ఇనుప డ్రమ్ము వద్దు. ఇంకా పూయలేదు, ప్లాస్టిక్ డ్రమ్ము కోసం చూస్తున్నాడు. డ్రిప్పు పైపులు రెండడుగులు జరపమన్నారు. జరిపాడో లేదో తెలియదు.” మొదటిదానికంటే రెండు మూడు రెట్లు పొడవు. అయినా నష్టం లేదు, ఎందుకంటే పలకరింపులు, ‘సరే సార్’లు, ఒకే ఫొటోను మూడుసార్లు పంపినవి వదిలేస్తేనే బోలెడంత చోటు మిగులుతుంది. ‘నిన్న’, ‘మొన్న’ అన్నవాటిని తేదీలుగా మారుస్తాం. వారం తరువాత చదివే సారాంశంలో ‘నిన్న’కు అర్థం లేదు.

సారాంశం బాగుందో లేదో చదివి చెప్పలేమని ఈ తప్పుతో తెలిసింది. ఇప్పుడు పది ప్రశ్నలు రాసుకుంటాం: పేస్టు పూశారా? ఎవరు చూశారు? ఏది వద్దన్నారు? మూలం చదివిన మనిషి ఒకరు, సారాంశం మాత్రమే చదివిన మనిషి ఒకరు విడివిడిగా జవాబు రాస్తారు. ఇద్దరి జవాబులు కలవని చోటే సారాంశం చిరిగింది.

దీనికీ పట్టుబడనిది ఒకటుంది. మొక్కలు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినవని బావ ఎప్పుడో మాటవరసకు అన్నాడు. అప్పటి చర్చకు దానితో పనిలేదు, సారాంశం వదిలేసింది. చెట్టు బంక తెగులును ఏ మేరకు తట్టుకుంటుందన్నది ఏ మొక్క మీద అంటు కట్టారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది కాబట్టి, నెల తరువాత ఆ మాటే అవసరమైంది. రేపు ఏది కావలసివస్తుందో ఈ రోజు కుదించేవారికి తెలిసే దారి లేదు. మేం చేసిందల్లా సారాంశంలో ప్రతి వాక్యం పక్కన మూల సందేశం సంఖ్య వేయడం, వదిలేసిన అంశాల పేర్లు చివర ఒక్క వరుసలో ఇవ్వడం. ‘అంటు మొక్క, సందేశం 41’ అని ఉంటే చాలు, వెనక్కి వెళ్లి చూడొచ్చు.

‘జరిపాడో లేదో తెలియదు’ అన్న వాక్యాన్ని చూసి సలహాదారు మర్నాడే బావను అడిగారు. మాట రాయకుండా ఒక ఫొటో పంపాడు బావ: పైపులు మొదలును ఆనుకునే ఉన్నాయి.