వోల్టేజి పడిపోతే బ్యాటరీ చచ్చినట్టేనా? పోలరైజేషన్ మీద అపోహలు, వాస్తవాలు

విద్యుత్ స్కూటర్ల బ్యాటరీ ప్యాకులు విప్పి పరీక్షించడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కథ ఒకటే. "ఇరవై శాతం ఛార్జి చూపిస్తోందండీ, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్కకు తీసి కాసేపు ఆగితే మళ్లీ నడిచింది. మెకానిక్ మీటరు పెట్టి చూసి, సెల్స్ పోయాయి, ప్యాక్ మార్చేయండి అన్నాడు." కొత్త ప్యాక్ ధర విని నిద్రపట్టనివాళ్లు కూడా వీళ్లలో ఉంటారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. వోల్టేజి పడిపోయింది అన్న ఒక్క ముక్క పట్టుకుని తీర్పు చెప్పేవాళ్ల తొందరే అర్థం కాదు.

అపోహ: లోడు పడగానే వోల్టేజి పడిపోయిందంటే ఛార్జి అయిపోయినట్టు, లేదా సెల్స్ చచ్చినట్టు.

వాస్తవం ఇది. సెల్ ఏ పనీ చేయకుండా గంటసేపు ఊరికే ఉన్నప్పుడు చూపించే వోల్టేజి వేరు, కరెంటు ఇస్తున్నప్పుడు చూపించేది వేరు. లోపల ఎంత ఛార్జి మిగిలిందో చెప్పేది మొదటిది. రెండోది ఎప్పుడూ దానికన్నా తక్కువే ఉంటుంది, ఎందుకంటే కరెంటు పారించడానికి సెల్ తన వోల్టేజిలో కొంత లోపలే ఖర్చు పెట్టుకోవాలి. ఛార్జి చేసేటప్పుడు ఇదే ఖర్చును ఛార్జరు భరిస్తుంది కాబట్టి అప్పుడు వోల్టేజి ఎక్కువ కనిపిస్తుంది.

ఆ ఖర్చు మూడు చోట్ల అవుతుంది. మొదటిది తీగలు, నికెల్ పట్టీలు, ఎలక్ట్రోలైట్ అడ్డుకునే మామూలు నిరోధం. రెండోది ఎలక్ట్రోడు ఉపరితలం మీద జరిగే రసాయన చర్య. లిథియం అయాను తనను చుట్టుకున్న ద్రావణి అణువులను విడిపించుకోవాలి, పైనున్న పొరను దాటాలి, ఎలక్ట్రోడులో చోటు చేసుకోవాలి. ఇది తనంతట తాను నెమ్మదిగా సాగే పని. త్వరగా జరగాలంటే అదనంగా కొంత వోల్టేజి తోడు కావాలి. ఈ అదనపు వోల్టేజి పేరే ఓవర్‌పొటెన్షియల్, అసలైనది ఇక్కడే మొదలవుతుంది. (పుస్తకాల ప్రకారం నిరోధంలో పోయేదాన్ని ఇందులో కలపకూడదు. మా బల్ల దగ్గర మాత్రం మూడింటినీ కలిపి పోలరైజేషన్ అనేస్తాం.) 1905లో జూలియస్ టాఫెల్ చూపించినట్టు, కరెంటు బాగా పెరిగాక ఈ భాగం కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు పదింతలైనప్పుడల్లా ఒకే మోతాదు వోల్టేజి అదనంగా చేరుతుంది.

మూడోది అయాన్ల ప్రయాణం. మన కథలో అసలు దోషి చాలాసార్లు ఇదే. పెళ్లి భోజనాల్లో వంటశాలలో గుండిగ నిండా అన్నం ఉన్నా, వడ్డించేవాళ్లు అందుకోలేకపోతే విస్తరి ఖాళీగానే ఉంటుంది. సెల్‌లోనూ అంతే. ఛార్జి లోపల ఉంది, కానీ చర్య జరిగే ఉపరితలం దగ్గర కావలసినంత లేదు. ఎలక్ట్రోలైట్ గుండా, ఎలక్ట్రోడు రేణువుల లోపలి నుంచి అయాన్లు వచ్చి చేరడానికి సమయం పడుతుంది. టెర్మినల్ దగ్గరి మీటరుకు తెలిసేది ఉపరితలం సంగతే, లోపలి నిల్వ సంగతి దానికి తెలియదు.

ఈ మూడూ వేర్వేరు వేగాలతో కనిపిస్తాయి. నిరోధం వల్ల పడేది లోడు పెట్టిన క్షణంలోనే పడుతుంది. రసాయన చర్యది దాదాపు ఒక సెకనులోపు. అయాన్ల ప్రయాణానిది సెకన్ల నుంచి నిమిషాల దాకా జారుతూనే ఉంటుంది. లోడు తీసేస్తే కోలుకోవడం కూడా ఇదే వరుసలో. పక్కకు తీసిన బండి కాసేపటికి మళ్లీ నడవడానికి కారణం ఇదే. బ్యాటరీ తనను తాను ఛార్జి చేసుకోలేదు, లోపల ఎగుడుదిగుడుగా ఉన్న అయాన్లు సర్దుకున్నాయి, అంతే. "కొత్త ఛార్జి పుట్టింది" అని వాట్సాప్‌లో తిరిగే వీడియోల గురించి నన్ను అడగకండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. వరుసగా 14 గ్రూపులు, ఒక్కో గ్రూపులో పక్కపక్కన 10 సెల్స్, మొత్తం 25 ఆంపియర్-అవర్ ప్యాక్ అనుకోండి. మంచి స్థితిలో, 25 డిగ్రీల దగ్గర, పది సెకన్ల లోడుకు ప్యాక్ మొత్తం నిరోధం సుమారు 70 మిల్లీఓమ్‌లు అనుకుందాం. మూడు రకాల ఖర్చూ ఇందులోనే ఉంది. ఇరవై శాతం ఛార్జి దగ్గర విశ్రాంతిలో ఉన్న ప్యాక్ 48 వోల్టుల చిల్లర చూపిస్తుంది. ఫ్లైఓవర్ మీద మోటారు 50 ఆంపియర్లు లాగితే 3.5 వోల్టులు పోతాయి, దాదాపు 45 మిగులుతుంది. ప్యాక్‌ను కాపాడే సర్క్యూటు, అదే బీఎంఎస్, సెల్‌కు 3 వోల్టుల దగ్గర, అంటే ప్యాక్‌కు 42 దగ్గర కోసేస్తుంది. కాబట్టి బండి హాయిగా ఎక్కేస్తుంది.

అదే ప్యాక్ కొన్నేళ్లు వాడాక నిరోధం రెండింతలైందనుకోండి. ఇప్పుడు పోయేది 7 వోల్టులు. 41 దగ్గరికి దిగగానే బీఎంఎస్ తలుపు మూసేస్తుంది. ఇరవై శాతం ఛార్జి లోపలే ఉంది, నిజంగానే ఉంది. చదునైన రోడ్డు మీద 20 ఆంపియర్లతో నడిపితే అందులో చాలా భాగం బయటికి వస్తుంది కూడా. పోయిన 7 వోల్టులు ఎక్కడికి వెళ్లాయంటే, 50 ఆంపియర్లతో గుణిస్తే 350 వాట్ల వేడిగా సీటు కింద పెట్టెలోకి.

అంటే వయసు మీదపడిన ప్యాక్‌కు కూడా "సెల్స్ చచ్చాయి" అన్న మాట సరిపోదు. నిల్వ తగ్గడం ఒక జబ్బు, నిరోధం పెరగడం ఇంకో జబ్బు. ఎక్కువసార్లు రెండూ కలిసే వస్తాయి, కానీ ఏది ఎంత అన్నది ప్యాక్‌ను బట్టి మారుతుంది. ఎత్తు రోడ్లు లేని ఊళ్లో బడికీ బజారుకూ తిరిగే బండికి రెండో జబ్బు ఉన్నా చాలాకాలం నెట్టుకురావచ్చు.

అసలు నేరం సెల్స్‌ది కాకపోవచ్చు కూడా. ఒక ఉపాధ్యాయురాలు తెచ్చిన బండి గుర్తొస్తోంది. ప్యాక్ మార్చాల్సిందేనని ఆమెకు బయట చెప్పారు. 30 ఆంపియర్ల లోడు పెట్టి, మోటారుకు కరెంటు పంపే కంట్రోలర్ దగ్గర కొలిస్తే 4.2 వోల్టులు పడింది. ఇలాంటి ప్యాక్‌కు రెండు వోల్టుల చిల్లర పడాలి, అంటే నిజంగానే రెట్టింపు. అయితే ఆ పడటంలో ఎక్కువ భాగం రెప్పపాటులో పడి, లోడు తీయగానే రెప్పపాటులో లేచింది. నెమ్మదిగా జారే భాగం మామూలుగానే ఉంది. సెల్స్ ముసలివైతే ఆ నెమ్మది భాగం కూడా పెరగాలి కదా. అనుమానం వచ్చి బీఎంఎస్ తీగల దగ్గర 14 గ్రూపులనూ విడివిడిగా కొలిచి కూడితే మొత్తం 2.2 వోల్టులే. మిగిలిన రెండు వోల్టులు సెల్స్‌లో లేవు. ప్యాక్‌కూ కంట్రోలర్‌కూ మధ్య ఉన్న కనెక్టరు విప్పితే లోపల పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ మెత్తబడి ఉంది. రెండు వోల్టులు, 30 ఆంపియర్లు అంటే ఆ చిన్న ముక్కలో 60 వాట్లు. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో ఆమెకు అప్పుడు చెప్పలేదు, కనెక్టరు మార్చాక చెప్పాను.

కాబట్టి మీ బండి మెకానిక్‌ను అడగాల్సింది "వోల్టేజి ఎంత" అని కాదు. గంట విశ్రాంతి తర్వాత ఎంత, ఎన్ని ఆంపియర్ల లోడు పెట్టారు, మొదటి క్షణంలో ఎంత పడింది, పది సెకన్లకు ఎంత పడింది, గ్రూపుల వారీగా ఎలా ఉంది అని అడగండి. ఒక్క గ్రూపే ఎక్కువ పడితే ఆ గ్రూపులోనో దాని వెల్డింగులోనో లోపం. అన్నీ సమానంగా పడితే వయసు, లేదా చలి. సెల్స్ లోపల పడకుండా బయట పడితే తీగలు, కనెక్టర్లు. ఈ పరీక్షకూ హద్దు ఉంది. ఒక సెకను దగ్గర నిరోధమూ రసాయన చర్యా కలిసిపోయే ఉంటాయి, వాటిని విడదీయాలంటే వేర్వేరు వేగాల్లో దిశ మారే కరెంటుతో కొలిచే ఇంపిడెన్స్ స్పెక్ట్రోస్కోపీ చేయాలి. ప్యాక్ మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు మాత్రం అంత అవసరం పడదు.

అపోహ: జేబు మీటరు 20 మిల్లీఓమ్‌లు చూపించింది కాబట్టి సెల్ కొత్తదే.

పాత సెల్స్ అమ్మేవాళ్లకు ఇష్టమైన వాదన. ఆ మీటర్లు సాధారణంగా సెకనుకు 1000 సార్లు దిశ మారే కరెంటుతో కొలుస్తాయి. అంత వేగంలో అయాన్లకు ఎక్కడికీ ప్రయాణించే వ్యవధి ఉండదు కాబట్టి మూడో ఖర్చు మీటరుకు కనిపించదు, రెండోది కూడా చాలావరకు దాక్కుంటుంది. అదే సెల్‌ను పది సెకన్లు నిజమైన లోడు మీద పెడితే రెండింతల పైన రావచ్చు. రెండు అంకెలూ నిజమే. మీ మోటారు లాగేది రెండో రకం కరెంటు.

అపోహ: చివరి ఇరవై శాతం ఛార్జి నెమ్మదిగా ఎక్కుతోందంటే ఛార్జరు పాడైంది.

కాదు. ఛార్జింగులో పోలరైజేషన్ పైకి తోస్తుంది కాబట్టి లోపల నిండకముందే టెర్మినల్ దగ్గర 14 గ్రూపుల ప్యాక్‌కు గరిష్ఠమైన 58.8 వోల్టులు వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఛార్జరు ఆ వోల్టేజి దాటకుండా కరెంటు తగ్గించుకుంటూ పోతుంది. ఆ అంకె చూడగానే ప్లగ్ పీకేస్తే, గంట తర్వాత సుమారు ఒక వోల్టు తక్కువ కనిపిస్తుంది. దాన్ని "లీకవుతోంది" అంటారు, లీకేమీ లేదు.

కరెంటు తగ్గించకుండా తోస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. నిండిన గ్రాఫైటు ఎలక్ట్రోడు లిథియం లోహానికి పదోవంతు వోల్టు కూడా సరిగ్గా దూరంలో ఉండదు. ఓవర్‌పొటెన్షియల్ ఆ కాస్త దూరాన్నీ మింగేస్తే అయాన్లు గ్రాఫైటులోకి దూరకుండా ఉపరితలం మీద లోహంగా పేరుకుంటాయి. నిల్వ తగ్గుతుంది, ముదిరితే షార్టు కావచ్చు. చలిలో రసాయన చర్యా అయాన్ల నడకా రెండూ మందగిస్తాయి కాబట్టి ప్రమాదం అప్పుడు ఎక్కువ. ఆదిలాబాద్ వైపు చలికాలం తెల్లవారుజామున బండి మందంగా ఉందని ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: బ్యాటరీకి ఏమీ కాలేదు, ఎండెక్కాక సరవుతుంది, వేగంగా ఛార్జి చేయడం మాత్రం అప్పటిదాకా ఆపండి.

అపోహ: ఓవర్‌పొటెన్షియల్ అంటేనే నష్టం, అది లేని బ్యాటరీయే మంచిది.

మీ ఇంట్లో ఇన్వర్టరు కింద ఉన్న లెడ్-యాసిడ్ బ్యాటరీని చూడండి. నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోవడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఆ బ్యాటరీలో ఒక్కో సెల్ రెండు వోల్టుల పైన ఉంటుంది. లెక్క ప్రకారం అది తనలోని నీటిని తానే విడగొట్టుకుని ఖాళీ అయిపోవాలి. సీసం మీద హైడ్రోజన్ పుట్టడం విపరీతంగా నెమ్మది, దానికి చాలా పెద్ద ఓవర్‌పొటెన్షియల్ కావాలి, అందుకే అది నిలబడుతోంది. ప్లేటుకు చట్రంలా ఉండే గ్రిడ్‌ను గట్టిపరచడానికి సీసంలో కలిపే యాంటిమొనీ నెమ్మదిగా కరిగి నెగటివ్ ప్లేటు మీద చేరి ఆ అడ్డును తగ్గిస్తుంది. అప్పుడు నీళ్లు త్వరగా తరుగుతాయి, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. యాంటిమొనీ బదులు కాల్షియం కలిపిన గ్రిడ్ల బ్యాటరీలకు ఆ బాధ చాలా తక్కువ.