టికెట్ కొంటే తగ్గేది బెంగ, నాస్టాల్జియా కాదు

టొరంటోలో డిసెంబర్ వస్తే సాయంత్రం ఐదింటికల్లా చీకటి. అలాంటి ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చి, ఒక్కడినే అన్నం పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా మూత తీశాను. ఆవపిండి ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నేను ఇంటర్ ఫెయిలైన వేసవి కళ్ల ముందుకొచ్చింది. ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడని రోజులవి. తాతయ్య కత్తిపీట మీద కాయలు కొడుతుంటే, నేను ముక్కల్లో జీడి తీసేసి, తడి లేకుండా గుడ్డతో తుడుస్తూ ఓ మూల కూర్చున్నాను. పచ్చడి జాడీకి ఎత్తాక ఆ బేసిన్‌లోనే వేడన్నం కలిపి, అమ్మమ్మ మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ సాయంత్రం నాకు ఏడుపూ వచ్చింది, కడుపు నిండినట్టూ అనిపించింది, రెండూ ఒకేసారి.

ఇలా పాత రోజులు తీపీ బాధా కలిసి గుర్తుకు రావడాన్నే నాస్టాల్జియా అంటున్నాం. ఆ మాట పుట్టింది మాత్రం జబ్బు పేరుగా. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి దీన్ని తయారుచేశాడు. అతను రాసిన కేసుల్లో బెర్న్ నుంచి బాసెల్‌కి చదువుకోడానికి వచ్చి మంచం పట్టిన కుర్రాడు ఒకడున్నాడు. ఇంటికి పంపిస్తున్నామని తెలియగానే కోలుకోవడం మొదలుపెట్టాడు. హాస్టల్లో వేసిన పిల్లాడికి జ్వరమొస్తే మనవాళ్లు చెప్పేది ఇదే కదా, "ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు" అని. నిజానికి హోఫర్ చూసింది బెంగే. బెంగ ఇప్పుడు దగ్గర లేనిదాని కోసం, ఇంటికెళ్తే తగ్గుతుంది. నాస్టాల్జియా గడిచిపోయిన రోజుల కోసం, నా ఆవకాయ రోజుకి ఏ విమానమూ వెళ్లదు.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో టిమ్ వైల్డ్‌షట్, కాన్‌స్టంటైన్ సెడికిడీస్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో జనం రాసిన ఇలాంటి జ్ఞాపకాలను పోగుచేసి చదివింది. వాటిలో రాసినవాళ్లే ముఖ్యపాత్ర, కానీ ఒంటరిగా ఉండరు, చుట్టూ దగ్గరివాళ్లుంటారు. మంచితో మొదలై కష్టంతో ముగిసే కథలకన్నా, కష్టంతో మొదలై మంచితో ముగిసేవే ఎక్కువ. నా ఇంటర్ వేసవి కూడా అచ్చం అలాగే ఉందని చూసి ఆశ్చర్యపోయాను. ఇక ఇది ఎప్పుడొస్తుందంటే, ఎక్కువగా మనసు బాగాలేనప్పుడు, ముఖ్యంగా ఒంటరిగా అనిపించినప్పుడు.

మరి ఒంటరితనంలో పాత రోజులు గుర్తొస్తే ఇంకా కుంగిపోవాలి కదా? ఈ ప్రశ్నను 2008లో చైనాలో పరీక్షించారు. ముందు గ్వాంగ్‌జౌ నగరానికి పల్లెల నుంచి వలసొచ్చిన పిల్లల్ని అడిగారు. తర్వాత కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి "అప్పుడప్పుడు నేను ఒంటరిగా ఉన్నాననిపిస్తుంది" లాంటి వాక్యాలిచ్చారు, ఎవరైనా ఒప్పుకునేవే. ఇంకొందరికి అవే వాక్యాలు "ఎప్పుడూ" అనే మాటతో ఇచ్చారు, వాటిని చాలామంది ఒప్పుకోరు. తర్వాత మొదటివాళ్లకి మీ ఒంటరితనం స్కోరు ఎక్కువగా ఉందని చెప్పారు. దాంతో వాళ్లలో రెండు జరిగాయి. నాకు తోడున్నవాళ్లు తక్కువ అనే భావన పెరిగింది. నాస్టాల్జియా కూడా పెరిగింది, అది పెరిగినవాళ్లలో నావాళ్లున్నారనే భావన కొంత తిరిగొచ్చింది. అంటే ఒంటరితనం ఒక చేత్తో లాక్కున్నదాన్ని, అదే పిలిచిన జ్ఞాపకం కొంతైనా తిరిగిస్తోంది. కొంతే, మొత్తం కాదు. దూరదేశంలో ఉన్నవాళ్ల దగ్గరికి ఇది ఎక్కువసార్లు ఎందుకు వస్తుందో నాకు ఇక్కడే అర్థమైంది. అమ్మమ్మ లేకపోయినా, ఫెయిలైన రోజున కూడా నాకు ముద్ద పెట్టిన మనిషి ఒకరున్నారన్న సంగతి మాత్రం పోదు.

అయితే ఇది అందరికీ ఇలాగే పనిచేయదు. ఎప్పుడూ ఏదో ఒక టెన్షన్‌తో ఉండే అలవాటున్నవాళ్లకి నాస్టాల్జియా తర్వాత ఆందోళన పెరగొచ్చని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కొత్త ఊరికి చదువుకోడానికి వెళ్లిన విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో ఆర్తి అయ్యర్, యోలాండా జెటెన్ 2011లో చూపించింది ఇంకా ముఖ్యం: పాత జీవితంతో తాడు తెగలేదని అనిపించినవాళ్లకి ఈ జ్ఞాపకాలు బలమిస్తాయి, తెగిపోయిందనుకున్నవాళ్లని వెనక్కి లాగుతాయి. నా విషయంలో తేడా నేను ఇలా పట్టుకుంటాను. గుర్తొచ్చాక ఎవరికైనా ఫోన్ చేయాలనిపిస్తే మంచిదే. "అసలు ఇక్కడికెందుకొచ్చాను, అక్కడే అంతా బాగుండేది" అని గంటసేపు తిరిగిందే తిరుగుతుంటే అది వేరే దారి పట్టినట్టు.

ఆ రోజు మామయ్యకి ఫోన్ చేశాను. అక్కడింకా తెల్లవారలేదు. "ఏరా, ఈ టైంలో?" అన్నాడు కంగారుగా. ఏం లేదు మామయ్యా, ఆ బేసిన్ ఇంకా ఉందా అని అడిగాను. అటకమీద ఉందన్నాడు.