చిన్న ఫొటోను ఎంతవరకు పెద్దది చేయవచ్చు?

మెసేజ్‌లో వచ్చిన ఒక ఫొటోను గోడకు తగిలించే సైజులో ప్రింట్ వేయించాలనుకుంటే, అందులో సరిపడా పిక్సెళ్లు ఉన్నాయా అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. అడగవలసిన ప్రశ్నే గాని, దానితో సగం సంగతే తేలుతుంది. నా అభిప్రాయంలో పెద్ద ప్రింట్లు చాలావరకు పాడయ్యేది పిక్సెళ్లు చాలక కాదు. ఫైల్‌లో అప్పటికే దాగి ఉన్న లోపాలు కాగితం మీద కంటికి ఆనేంత పెద్దవి కావడం వల్ల. ఒక ఉదాహరణ తీసుకుని లెక్క కడితే ఈ తేడా స్పష్టమవుతుంది.

మన ఫొటో 1600×1200 పిక్సెళ్లది, కావలసిన ప్రింట్ 16×12 అంగుళాలది అనుకుందాం. అంటే అంగుళానికి 100 పిక్సెళ్లు వస్తాయి. ప్రింటింగ్ వాళ్లు సాధారణంగా అడిగేది అంగుళానికి 300. ఆ అంకె మన కంటి నుంచి వచ్చింది. మామూలు చూపు ఉన్నవారు రెండు సన్నని గీతలను విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య కంటి దగ్గర డిగ్రీలో అరవయ్యో వంతు కోణమైనా ఏర్పడాలి. చేతిలో పట్టుకుని 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూసే కాగితం మీద ఆ కోణం దాదాపు 0.09 మిల్లీమీటర్లకు సమానం. అంతకన్నా చిన్నగా పిక్సెళ్లను సర్దాలంటే అంగుళానికి సుమారు 300 కావాలి. అదే ప్రింట్‌ను మీటరు దూరం నుంచి చూస్తే హద్దు 0.29 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, అప్పుడు అంగుళానికి 87 పిక్సెళ్లు చాలు. మన ఉదాహరణలో ఒక్కో పిక్సెల్ కాగితం మీద పావు మిల్లీమీటరు ఉంటుంది. గోడ మీద, మీటరు దూరం నుంచి చూసేవారికి అది సరిపోతుంది. దగ్గరికొచ్చి చూసేవారికి మూడు రెట్లు తక్కువ పడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని, ఫైల్ వివరాల్లో అంగుళానికి పిక్సెళ్లు 72 అని ఉన్నచోట 300 అని మార్చడం. పిక్సెళ్ల సంఖ్య మారకుండా ఆ అంకెను మార్చితే ఫొటోలో ఏమీ మారదు, ప్రింట్ సైజు సూచన మాత్రమే మారుతుంది. నిజంగా పెద్దది చేయాలంటే సాఫ్ట్‌వేర్ కొత్త పిక్సెళ్లను లెక్కగట్టి చేర్చాలి. 1600×1200ను 4800×3600కు పెంచితే, చివరికి వచ్చే ప్రతి తొమ్మిది పిక్సెళ్లలో ఒకదానికి సరిపడా సమాచారం మాత్రమే కెమెరా నుంచి వచ్చినది. మిగిలినదంతా ఇరుగుపొరుగు పిక్సెళ్లను బట్టి గణించినదే. ఉన్న పిక్సెల్‌నే పక్కపక్కన నకలు చేసే పద్ధతిలో ఏటవాలు గీతలు మెట్లుమెట్లుగా వస్తాయి. చుట్టూ ఉన్న పదహారు పిక్సెళ్లను చూసి లెక్కించే బైక్యూబిక్, అంతకన్నా విశాలంగా చూసే లాంకోస్ పద్ధతులు ఆ మెట్లను నునుపు చేస్తాయి. లాంకోస్‌లో అంచులు కాస్త పదునుగా వస్తాయి, అయితే గాఢమైన అంచుల పక్కన సన్నని నీడగీత కూడా రావచ్చు. ఏ పద్ధతి వాడినా గీతలు నునుపవుతాయే తప్ప, ఫొటోలో లేని కనురెప్ప వెంట్రుక పుట్టుకురాదు.

పైగా, ఉన్న పిక్సెళ్లన్నిటిలోనూ వివరం ఉంటుందన్న నమ్మకం లేదు. దీన్ని తేల్చుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. ఫొటో నకలును సగానికి, అంటే 800×600కు కుదించి, తిరిగి 1600×1200కు పెంచి, అసలుతో పక్కపక్కన పెట్టి చూడాలి. రెంటికీ తేడా కనిపించకపోతే, ఫోకస్ తప్పడం వల్లనో చెయ్యి కదలడం వల్లనో, ఆ ఫొటోలో నిజమైన వివరం 800×600కు మించి లేదని అర్థం. అప్పుడు పై లెక్కలన్నీ ఆ అంకెలతోనే మళ్లీ వేసుకోవాలి.

ఇక లోపాల సంగతి. జెపెగ్ పద్ధతి ఫొటోను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలోని సూక్ష్మ వివరాన్ని కొంత వదిలేసి, ఫైల్‌ను చిన్నది చేస్తుంది. గట్టిగా కుదించినప్పుడు గడుల సరిహద్దులు బయటపడతాయి. రంగుల సమాచారాన్ని సాధారణంగా ఇంకా తగ్గించి దాస్తారు గనుక రంగు మచ్చలు 16 పిక్సెళ్ల వెడల్పు వరకు విస్తరిస్తాయి. మన ప్రింట్‌లో ఒక్క పిక్సెల్ పావు మిల్లీమీటరే అయినా, ఒక గడి 2 మిల్లీమీటర్లు, ఒక రంగు మచ్చ 4 మిల్లీమీటర్లు అవుతుంది. మీటరు దూరం నుంచి పిక్సెల్ కనపడదు, గడి మాత్రం ఆకాశం, బుగ్గ వంటి నున్నని చోట్ల కనిపించగలదు. ఫోన్ కెమెరా తనంతట తాను పదును పెట్టినప్పుడు అంచుల వెంట ఏర్పడే రెండు మూడు పిక్సెళ్ల తెల్లగీత కూడా అంతే: కాగితం మీద అది అర మిల్లీమీటరు దాటుతుంది.

ముఖాల దగ్గర ఈ లెక్క మరీ కఠినంగా ఉంటుంది. ముఖం వెడల్పు సుమారు ఐదు కళ్ల వెడల్పు. బృంద ఫొటోలో ఒక ముఖం 40 పిక్సెళ్లే ఉంటే, ఒక కన్ను 8 పిక్సెళ్లు, అంటే మొత్తం కన్ను వెడల్పు ఒక్క జెపెగ్ గడి అంతే. అందులో కనుపాప, రెప్ప, తెల్లభాగం అన్నీ మసకగా కలిసిపోయి ఉంటాయి. మనిషి ఎవరో పోలిక తెలుస్తుంది గాని, ఎంత పెంచినా ఆ కంట్లో చూపు రాదు. అదే ముఖం 200 పిక్సెళ్లు ఉంటే కన్ను 40 పిక్సెళ్లు అవుతుంది, దాన్ని పెంచడం నిశ్చింతగా చేయవచ్చు. అందుకే నేను ఫొటో మొత్తం పిక్సెళ్లను చూసే ముందు, అందులో అతి ముఖ్యమైన ముఖం ఎన్ని పిక్సెళ్లుందో కొలుస్తాను. ఫొటోలో చదవవలసిన అక్షరాలుంటే వాటికీ ఇదే కొలత.

పని చేసే వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. మొదట, ఫొటో తీసినవారిని అసలు ఫైల్ అడగాలి. మెసేజ్‌లో వచ్చినది తరచు కుదించిన నకలే, అసలులో కొన్ని రెట్లు ఎక్కువ పిక్సెళ్లుండవచ్చు. ఈ ఒక్క మెట్టు మిగతా మెట్లన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అది దొరకకపోతే, పెంచకముందే రంగు మచ్చలను, గడులను తేలికపాటి శుద్ధితో తగ్గించాలి. పెంచిన తర్వాత అవి పెద్దవై, వివరంతో కలిసిపోయి, విడదీయడానికి లొంగవు. తర్వాత ఒకేసారి కావలసిన సైజుకు పెంచాలి. పది శాతం చొప్పున దఫదఫాలుగా పెంచితే మేలన్న పాత సలహా ఒకటి ఉంది గాని, ఇప్పటి పద్ధతులతో దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. పదును మాత్రం చివర పెట్టాలి, ఒకటి రెండు పిక్సెళ్ల వ్యాసార్ధంతో, అదీ తక్కువగా. ముందే పదును పెడితే ఆ తెల్లగీతలనే పెంచుకున్నట్లవుతుంది. ఆఖరున ఇసుక రేణువుల్లాంటి సన్నని గ్రెయిన్ కొద్దిగా చేర్చితే, మరీ నున్నగా మైనంలా కనిపించే చర్మానికి కాస్త సహజత్వం వస్తుంది. అది వివరం కాదు, అయినా కన్ను దాన్ని స్పష్టతగానే స్వీకరిస్తుంది.

ఇంత చేసినా, పూర్తి సైజు ప్రింట్‌కు ముందు ఒక ముక్క వేసి చూడడం అవసరం. 4800×3600 ఫైల్ నుంచి ముఖం ఉన్న 1800×1200 భాగాన్ని కత్తిరించి, 6×4 అంగుళాల మామూలు ప్రింట్ వేయిస్తే, అది పెద్ద ప్రింట్‌లో ఆ భాగం ఎలా ఉండబోతుందో అదే కొలతలో చూపిస్తుంది. దాన్ని గోడకు అంటించి, రోజూ నిలబడే చోటు నుంచి చూడాలి. స్క్రీన్ మీద 100 శాతం జూమ్‌లో చూసి తీర్పు చెప్పడం సరికాదు: అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లుండే మానిటర్ మీద అది అసలు ప్రింట్‌కు మూడు రెట్లు పెద్దగా కనిపించి, మంచి ఫైల్‌ను కూడా చెడ్డదనిపిస్తుంది.

ఆ ముక్కలో గడులు, తెల్లగీతలు కంటికి ఆనకుండా, మసక మాత్రమే కనిపిస్తే 16×12 ప్రింట్ వేయించవచ్చు. కాస్త మసకను దూరం భరిస్తుంది, గరుకైన కాన్వాస్ కూడా కొంత దాస్తుంది. గడులు కనిపిస్తే సైజు తగ్గించవలసిందే. అదే ఫొటోను 8×6 అంగుళాలకు వేసి, చుట్టూ వెడల్పైన తెల్ల అంచుతో పెద్ద ఫ్రేములో పెడితే, అంగుళానికి 200 పిక్సెళ్లు వస్తాయి, గడి ఒక మిల్లీమీటరుకు తగ్గుతుంది, 45 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా పిక్సెల్ విడిగా కనపడదు.