ఓనర్ పాత నంబరుకు అద్దె పంపారా? అపోహలు - వాస్తవాలు

ఒకటో తారీఖు దాటిన రెండు మూడు రోజులు మా దిల్‌సుఖ్‌నగర్ బ్యాంకు బ్రాంచిలో అద్దె డబ్బుల గొడవలు తప్పవు. మొన్న వచ్చిన అబ్బాయి ₹14,500 ఓనర్ పాత నంబరుకు యూపీఐలో పంపేశాడు. ఓనర్ ఆ సిమ్‌కు రీఛార్జి మానేసి చాలా నెలలైంది. నంబరు ఇంకెవరికో వెళ్లిపోయింది.

అపోహ: ఫోన్‌లో ఓనర్ పేరే కనిపించింది కదా, డబ్బు ఆయనకే చేరుతుంది.

వాస్తవం: ఆ పేరు మనం సేవ్ చేసుకున్నది. డబ్బు మాత్రం ఆ నంబరుతో ఇప్పుడు ఎవరి ఖాతా లింకై ఉందో వాళ్లకు వెళ్తుంది. ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత కొత్తవారికి ఇస్తారు. డబ్బు పంపేముందు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరు స్క్రీన్ మీద వస్తుంది. చూడాల్సింది దాన్నే. మనవాడు చూశాడు కూడా. "వాళ్ల కోడలి పేరేమో అనుకున్నా సార్" అన్నాడు.

అపోహ: రెండు మూడు రోజుల్లో దానంతటదే వెనక్కి వస్తుంది.

వాస్తవం: మన ఖాతాలో కట్ అయి, అవతల జమ కాని డబ్బే అలా వస్తుంది. ఇక్కడ జమ అయిపోయింది.

అపోహ: బ్యాంకు తలచుకుంటే అవతలి ఖాతాలోంచి లాగేయగలదు.

వాస్తవం: లాగలేం, ఆ ఖాతాదారు ఒప్పుకోవాలి. అందుకే మొదట యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టించాను. తర్వాత ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు, తేదీ, మొత్తం రాసి మా దగ్గర అర్జీ తీసుకున్నాను. మేము అవతలి బ్యాంకుకు రాస్తాం, వాళ్లు తమ ఖాతాదారును అడుగుతారు.

ఈ రకం పొరపాటులో ఒక అదృష్టం ఉంది: అవతలి మనిషి ఫోన్ నంబరు మన దగ్గరే ఉంటుంది. మనవాడు ఫోన్ చేస్తే, ఇప్పుడు ఆ నంబరు వాడుతున్న ఆమె మోసగాడనుకుని పెట్టేసింది. ఆమె తప్పేం లేదు, "పొరపాటున పంపాను" అంటూ చేసే మోసాలు అన్నున్నాయి. "నాకు పంపక్కర్లేదండీ, మీ బ్యాంకులో కనుక్కుని వాళ్ల ద్వారానే తిప్పి పంపండి" అని యూటీఆర్‌తో మెసేజ్ పెట్టించాను. ఆమె తన బ్యాంకుకు వెళ్లి కనుక్కుంది. తొమ్మిదో రోజున డబ్బు వచ్చింది.

అపోహ: ఆమె ఇవ్వనంటే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: పొరపాటున అందిన సొమ్ము తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. లాయర్ నోటీసు పంపొచ్చు, సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. బ్యాంకే అర్జీని 30 రోజులు పట్టించుకోకపోతే cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 1930 హెల్ప్‌లైన్ మాత్రం సైబర్ మోసాలకు, మన పొరపాట్లకు కాదు.

అన్నట్టు, ఆ తొమ్మిది రోజులూ ఓనర్ అద్దె అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు అందలేదు మరి. అబ్బాయి వాళ్ల అన్న దగ్గర చేబదులు తీసుకుని కట్టాడు.