సర్వీసు ఆగిపోయినప్పుడు కస్టమర్లకు పంపే సందేశం: అపోహలు, వాస్తవాలు

మాది విజయవాడలో పదకొండు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. మందుల షాపులకు, హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అందిస్తాం, అందులో సపోర్టు బాధ్యత నాది. ఒక నెల 10వ తేదీ సాయంత్రం 6:10కి మా డేటాబేస్ ఆగిపోయింది. షాపుల్లో అది రద్దీ వేళ. పైగా మరునాడు 11వ తేదీ, ప్రతి నెలా అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 దాఖలు చేసేవారికి ఆఖరి గడువు. ఆ సాయంత్రం మేము పంపిన సందేశాల్లో కొన్ని సరిగ్గా ఉన్నాయి, ఒకటి తప్పుగా ఉంది. మా వంటి చిన్న సంస్థల్లో తరచూ వినిపించే కొన్ని అభిప్రాయాలను ఆ అనుభవం ఆధారంగా ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కారణం తేలేవరకు కస్టమర్లకు ఏమీ చెప్పకూడదు.

కారణం తెలియకముందే కస్టమర్‌కు కావలసిన సమాచారం కొంత మన దగ్గర ఉంటుంది. ఏది పనిచేయడం లేదు, ఏది పనిచేస్తోంది, ఎప్పటి నుంచి, ఈలోగా ఆయన ఏం చేయవచ్చు అనేవి మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతాయి. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉన్న షాపు యజమానికి అప్పుడు అవసరమైనది కారణం కాదు. తన ఇంటర్నెట్ పోయిందా, మన సర్వీసు ఆగిందా అన్నది తేలడం. అది తేలకపోతే ఆయన రౌటర్ ఆపి ఆన్ చేస్తూ, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తూ పావుగంట పోగొట్టుకుంటారు.

మేము 6:22కి పంపిన మొదటి సందేశం ఇది:

"సాయంత్రం 6:10 నుంచి బిల్లింగ్, స్టాక్, రిపోర్టులు పనిచేయడం లేదు. సమస్య మా సర్వర్ వైపు ఉంది, మీ ఇంటర్నెట్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ కాదు. కారణం ఇంకా తెలియలేదు, వెతుకుతున్నాం. ఈలోగా చేతితో బిల్లులు రాయవలసి వస్తే వాటికి వేరే వరుస సంఖ్యలు (ఉదాహరణకు M-1, M-2) వాడండి. తదుపరి సమాచారం 6:50కి ఇస్తాం."

వేరే వరుస అని చెప్పడానికి కారణం ఉంది. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్వాయిస్ సంఖ్యలు వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ సంఖ్యా రెండుసార్లు రాకూడదు. అయితే ఒకటికంటే ఎక్కువ వరుసలు ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆఖరి బిల్లు సంఖ్య ఎంతో చూడలేని స్థితిలో షాపువారు అంచనాగా ఒక సంఖ్య వేస్తే, సర్వీసు వచ్చాక అదే సంఖ్యతో మరో బిల్లు తయారవుతుంది. ఈ ఒక్క వాక్యం ముందే రాయడం వల్ల మరునాడు రావలసిన ఫోన్లు చాలా తగ్గాయని నా నమ్మకం.

అపోహ: కారణం "సాంకేతిక సమస్య" అంటే చాలు, వివరం కస్టమర్లకు అర్థం కాదు.

ముందు అసలు జరిగింది చెబుతాను. మేము వాడేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. డేటాలో జరిగే ప్రతి మార్పునూ అది ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటుంది. రిపోర్టుల కోసం రెండో డేటాబేస్ పెట్టుకున్నప్పుడు, అది ఎంతవరకు చదివిందో గుర్తుంచుకునే రెప్లికేషన్ స్లాట్ ప్రధాన డేటాబేస్‌లో ఉంటుంది. రెండోది చదవని లాగ్‌ను ప్రధాన డేటాబేస్ తొలగించదు. ఖర్చు తగ్గించుకోవడానికి అంతకు మూడు వారాల ముందు రెండో డేటాబేస్‌ను తీసేసిన మేము, స్లాట్‌ను తీసేయడం మరిచాం. ఇక ఎన్నటికీ రాని పాఠకుడి కోసం లాగ్ పేరుకుపోయి డిస్క్ నిండింది, డేటాబేస్ ఆగిపోయింది. ఇలాంటి స్లాట్ మీ దగ్గరా మిగిలి ఉందేమో ఈ ఒక్క క్వెరీతో తెలుస్తుంది:

```
SELECT slot_name, active, restart_lsn
FROM pg_replication_slots;
```

`active` కింద `f` కనిపించి, ఆ స్లాట్ ఎవరిదో మీ బృందంలో ఎవరూ చెప్పలేకపోతే వెంటనే ఆరా తీయాలి. అలాగని డిస్క్ నిండాక, ఈ లాగ్ ఉండే `pg_wal` ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో తొలగించకూడదు, ఎందుకంటే డేటాబేస్ మళ్లీ లేవడానికి ఆధారపడేది వాటి మీదే.

ఈ వివరమంతా షాపు యజమానికి అక్కరలేదు. కానీ "సాంకేతిక సమస్య" అని ఊరుకుంటే ఆయన మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే, "హ్యాక్ అయిందా?" అని. అందుకని కారణం చెప్పే వాక్యం మూడింటికి జవాబివ్వాలి: ఏం జరిగింది, అది ఎవరి వల్ల, బయటివారి చేయి ఉందా. మేము 6:50కి ఇలా రాశాం: "మా డేటాబేస్ డిస్క్ నిండిపోవడం వల్ల సర్వీసు ఆగింది. మూడు వారాల క్రితం మేము చేసిన ఒక మార్పులో ఒక పని వదిలేయడమే దీనికి కారణం. బయటి నుంచి ఎవరూ చొరబడిన ఆనవాళ్లు లేవు." ఆఖరి వాక్యం రాయడానికి ముందు లాగిన్ రికార్డులు చూశాం. చొరబాటు అనుమానం ఉంటే ఆ వాక్యం రాయడానికి వీల్లేదు; పైగా సైబర్ భద్రతా ఘటనను గమనించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న 2022 ఏప్రిల్ ఆదేశాలు వర్తిస్తాయి.

తప్పు మనదైనప్పుడు దాన్ని హోస్టింగ్ సంస్థ మీదకు నెట్టాలన్న ఆలోచన ఆ సమయంలో మా గదిలోనూ వచ్చింది. అలా రాయకపోవడం మంచిదైంది, ఎందుకంటే మా కస్టమర్లలో కొందరు అదే హోస్టింగ్ వాడే ఇతర సాఫ్ట్‌వేర్లు కూడా వాడతారు, అవి ఆ సాయంత్రం చక్కగానే పనిచేస్తున్నాయి.

అపోహ: తక్కువ సమయం చెబితే కస్టమర్లు కుదుటపడతారు.

మా తప్పు సందేశం ఇక్కడే వచ్చింది. 6:35కి ఒక సహోద్యోగి, ఫోన్ల ఒత్తిడి భరించలేక, "అరగంటలో వచ్చేస్తుంది" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటికి కారణమే తెలియదు. ఆ మాట నమ్మి ఒక హోల్‌సేల్ వ్యాపారి లారీ దగ్గర సరుకును, హమాలీలను ఆపి ఉంచారు. రెండు గంటలు పడుతుందని తెలిసి ఉంటే చేతి బిల్లుతో పంపించేవారు.

పునరుద్ధరణ సమయం ఊహించి చెప్పేది కాదు, మిగిలిన పనులను కూడి చెప్పేది. కారణం తెలిశాక మేము కాగితం మీద రాసుకున్న లెక్క ఇది. డిస్క్ పరిమాణం పెంచడానికి 15 నిమిషాలు. డేటాబేస్ మళ్లీ మొదలై లాగ్ చదువుకొని సర్దుకోవడానికి 20 నిమిషాలు. స్లాట్ తొలగించి, పరీక్షా షాపులో బిల్లు కొట్టి, స్టాక్ సరిచూడటానికి 25 నిమిషాలు. మొత్తం గంట, అంటే సుమారు 8 గంటలకు. అయితే రెండో మెట్టు దగ్గర డేటాబేస్ లేవకపోతే దారి మారుతుంది. బ్యాకప్ 180 జీబీ; మా పాత పరీక్షలో సెకనుకు 60 ఎంబీ వేగం వచ్చింది కాబట్టి కాపీకే 50 నిమిషాలు. ఆ తర్వాత బ్యాకప్ నాటి నుంచి ఇప్పటివరకు ఉన్న లాగ్‌ను వర్తింపజేసి, తనిఖీ చేసేసరికి రాత్రి 10 దాటుతుంది.

ఈ రెండు దారులనూ కలిపి సగటు సమయం చెబితే అది ఏ దారికీ సరిపోదు. అందుకే రెండింటినీ చెప్పి, ఏ దారిలో వెళ్తామో ఎప్పటికి తేలుతుందో కూడా చెప్పాం: "అంతా అనుకున్నట్టు జరిగితే 8:30కి సర్వీసు వస్తుంది. డేటాబేస్ మొదలవకపోతే బ్యాకప్ నుంచి తేవాలి, అప్పుడు రాత్రి 10:30 అవుతుంది. ఏది జరుగుతుందో 7:30కి మీకు చెప్పగలం." లెక్క 8 అని వచ్చినా 8:30 అని రాయడానికి కారణం, సర్వీసు తెరవగానే షాపులన్నీ ఒకేసారి లాగిన్ అవుతాయి, మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగా సాగుతుంది. రాత్రి 9 గంటలకు మూసే షాపుకు 8:30కీ 10:30కీ మధ్య తేడా చాలా పెద్దది. మరునాటి రిటర్ను కోసం కూర్చున్న అకౌంటెంట్‌కు 10:30 అని తెలిస్తే ఇంటికి వెళ్లి ఉదయం రావచ్చు.

అపోహ: కొత్త విషయం ఉన్నప్పుడే సమాచారం ఇవ్వాలి.

చెప్పిన వేళకు సందేశం రాకపోతే, పని ఆగిపోయిందనో మనం దాస్తున్నామనో కస్టమర్ అనుకుంటారు. 7:10కి మా దగ్గర అంచనాను మార్చే కొత్త విషయం లేదు, అయినా పంపాం: "డిస్క్ పెంచడం పూర్తయింది. డేటాబేస్ మొదలవుతోంది. 8:30 అంచనాలో మార్పు లేదు. తదుపరి సమాచారం 7:30కి." కారణం తెలియని దశలో అరగంటకొకసారి, పని నడుస్తున్నప్పుడు 20 నిమిషాలకొకసారి, బ్యాకప్ వంటి దీర్ఘమైన పని మొదలైతే గంటకొకసారి అన్నది ఇప్పుడు మేము పాటించే పద్ధతి. మరమ్మతు చేస్తున్న ఇంజనీరు సందేశాలు రాయరు. ఆయన పక్కన కూర్చున్న మరొకరు రాస్తారు. పదకొండు మందిలో ఇద్దరిని ఇలా విడదీయడం కష్టమే, కానీ ఇద్దరూ సర్వర్ మీదే కూర్చుంటే ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

సందేశం పెట్టే చోటు గురించి కూడా ఒక మాట. స్టేటస్ పేజీ మన సర్వర్ మీదే ఉంటే అదీ మనతో పాటే ఆగుతుంది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 సేవ ఆగినప్పుడు వారి స్టేటస్ పేజీని మార్చే వ్యవస్థ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో, కొంతసేపు వారు ట్విటర్‌లో సమాచారం ఇవ్వవలసి వచ్చింది. మేము ఎస్సెమ్మెస్‌ను, వేరే హోస్టింగ్ మీద ఉన్న ఒక చిన్న పేజీని వాడతాం.

అపోహ: "మీ డేటా సురక్షితం" అని ముందుగానే చెప్పడం మంచిది.

నిర్ధారించుకోకముందు ఆ మాట రాయకూడదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో పొరపాటున ప్రధాన డేటాబేస్ తొలగిపోయినప్పుడు, వారు ఆధారపడిన బ్యాకప్ పద్ధతులు చాలావరకు పనిచేయలేదని అప్పుడే బయటపడింది. చివరకు అంతకు ఆరు గంటల ముందు తీసిన కాపీ నుంచి తిరిగి తెచ్చారు. వారు దాన్ని దాచకుండా, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు చేసిన మార్పులు పోయాయో, కోడ్ రిపాజిటరీలు మాత్రం పోలేదని విడదీసి చెప్పారు.

మా సంగతిలో డేటాబేస్ 7:24కి మొదలైంది. సేవ్ అయిన బిల్లులన్నీ ఉన్నాయి. కానీ సరిగ్గా 6:10 దగ్గర కొట్టిన బిల్లుల్లో ఒక చిక్కు ఉంది: డేటాబేస్‌లో బిల్లు నమోదై, ఆ మాట షాపు కంప్యూటర్‌కు చేరేలోపే సంబంధం తెగిపోయి ఉండవచ్చు. అప్పుడు తెర మీద ఎర్రర్ కనిపిస్తుంది, బిల్లు మాత్రం ఉంటుంది. అది తెలియక మళ్లీ కొడితే అమ్మకం రెండుసార్లు నమోదై, స్టాక్ రెండుసార్లు తగ్గుతుంది. అందుకే 8:12కి పంపిన ముగింపు సందేశంలో "సర్వీసు పనిచేస్తోంది" అన్న వాక్యం తర్వాత వెంటనే ఇది రాశాం: "6:05 నుంచి 6:10 వరకు చేసిన బిల్లుల్లో ఎర్రర్ వచ్చినదాన్ని మళ్లీ చేసే ముందు బిల్లుల జాబితాలో ఉందేమో చూడండి. చేతి బిల్లులను M వరుసలోనే నమోదు చేయండి. రేపు రిటర్ను దాఖలు చేసేవారికి ఉదయం 8 నుంచి మా సపోర్టు అందుబాటులో ఉంటుంది. జరిగినదాని పూర్తి వివరణ రేపు సాయంత్రం 5 గంటలకు పంపుతాం."

మరునాడు 5 గంటలకు పంపిన వివరణలో రెండు మార్పులు ఉన్నాయి. ఒకటి, స్లాట్ కోసం ఉంచే లాగ్‌కు `max_slot_wal_keep_size` తో పరిమితి పెట్టాం. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న ఈ అమరికకు మనం విలువ ఇవ్వకపోతే పరిమితే ఉండదు. రెండు, డిస్క్ నిండుతోందన్న హెచ్చరిక అంతవరకు సంస్థ వదిలి వెళ్లిన ఒకరి ఈమెయిల్‌కు వెళ్తోంది. ఇప్పుడది ఇద్దరి ఫోన్లకు వస్తుంది.