నోరు చేదెక్కితే యూరియా ఒక్కటే కారణమా?

ఆదోని వైపు పల్లెలో ఎన్నో ఏళ్లుగా షుగర్ ఉన్న రైతు ఒకరు ఉన్నారనుకుందాం. పొద్దున పళ్లు తోముకుంటుంటే ఓకరింతలు. సంగటి ముద్ద రెండు మూడు సార్లు తుంచి పళ్లెం పక్కకు జరుపుతాడు. నాటుకోడి పులుసు వాసన తగిలితేనే లేచి బయటికి వెళ్లిపోతాడు. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు రుచి. ఇంట్లోవాళ్లు పైత్యం అనుకుంటారు, గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి. చివరికి కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే కిడ్నీలు చెడిపోయాయని తేలుతుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం యూరియా 210, కండల నుంచి వచ్చే మలినం క్రియాటినిన్ 9. యూరియా మామూలుగా 40 లోపు ఉండాలి.

రక్తంలో చేరిన యూరియా మీద అనుమానం ఇప్పటిది కాదు. 1820ల మొదట్లో జెనీవాలో ప్రెవో, డ్యుమా జంతువుల కిడ్నీలు తీసేసి చూస్తే, వాటి రక్తంలో యూరియా పేరుకుపోయింది. కిడ్నీ యూరియాను తయారు చేయదని, బయటికి పంపుతుందని అలా తెలిసింది. వాంతులకూ అన్నం సయించకపోవడానికీ అదే విషమని చాలాకాలం నమ్మారు.

ఆ నమ్మకాన్ని 1972లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు పరీక్షించారు. డయాలసిస్ ద్రవంలోనే యూరియా కలిపారు. దాంతో మిగతా మలినాలు రక్తంలోంచి పోతున్నా యూరియా మాత్రం ఎక్కువగానే ఉండిపోయింది. అయినా రోగులు చాలావరకు బాగానే ఉన్నారు. యూరియా 300 దాటాకే నీరసం, వాంతులు కనిపించాయి. అంటే మన రైతు 210కి పడుతున్న బాధలో ఎక్కువ భాగం యూరియాది కాదు, దానితో పాటు పేరుకున్న వేరే మలినాలది.

నోటి రుచి దగ్గర మాత్రం యూరియా నిజంగానే దోషి. రక్తంలో పెరిగిన యూరియా లాలాజలంలోకి వస్తుంది. నోట్లోని బాక్టీరియా దాన్ని అమోనియాగా విడగొడతాయి. చేదు, లోహపు రుచి, దగ్గరికి వచ్చినవాళ్లకు తెలిసే మూత్రపు వాసన, అన్నీ అక్కడివే. ఎంత పుక్కిలించినా కాసేపే హాయి, ఎందుకంటే ఊట లోపలి నుంచే వస్తోంది.

వికారం సంగతి వేరు. మెదడు అడుగున రక్తంలోని విషాలను పసిగట్టే చిన్న భాగం ఒకటుంది. మిగతా మెదడుకు ఉన్న అడ్డుగోడ దానికి లేదు. మలినాలు నేరుగా తగలగానే అది వాంతి సంకేతం పంపుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో కడుపు ఖాళీ కావడం కూడా ఆలస్యమవుతుంది కాబట్టి బాధ ఇంకా పెరుగుతుంది. ఆకలిని చంపేవి చాలావరకు యూరియా కన్నా పెద్ద అణువులు. 1990లలో స్వీడన్ పరిశోధకులు కిడ్నీ రోగుల రక్తంలోంచి అలాంటివి వేరుచేసి ఎలుకలకిస్తే, అవి తిండి తగ్గించాయి.

ఇక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. మాంసం, పప్పు మానేస్తే యూరియా తగ్గుతుంది, కండ కరిగితే క్రియాటినిన్ కూడా తగ్గుతుంది. రిపోర్టు మెరుగైనట్టుంటుంది, మనిషి మాత్రం చిక్కిపోతుంటాడు. అందుకే డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేటప్పుడు డాక్టర్లు అంకె ఒక్కటే చూడరు, వాంతులు, తిండి, బరువు కూడా అడుగుతారు. మందుల వల్ల వచ్చే వికారం కాదని కూడా చూసుకుంటారు, షుగర్ మందు మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు కూడా అలాగే చేస్తాయి మరి.

డయాలసిస్ మొదలయ్యాక వాంతులు కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతాయి. ఆకలి అంత త్వరగా తిరిగి రాదు, ఎందుకంటే ఆ పెద్ద అణువులను మామూలు డయాలసిస్ సరిగా తీయలేకపోతుంది.