చాక్లెట్ ప్రీ-ఆర్డర్ పోస్టులు: అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాల కోకో గింజలతో తక్కువ మోతాదులో చాక్లెట్ తయారుచేసే ఒక చిన్న యూనిట్‌కు ప్రీ-ఆర్డర్ పోస్టులు రాయడం నా పని. పోస్టు పెట్టిన ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒక్కటే: "మెలాంజర్‌లో మూడు రోజులు తిరిగితే చాక్లెట్ తయారవుతుందని మీరే రాశారు కదండీ, మరి అయిదు వారాలు ఎందుకు ఆగాలి?" మెలాంజర్ అంటే కోకో పలుకులను రాళ్ల మధ్య మెత్తగా రుబ్బే యంత్రం.

అపోహ: ఎన్నాళ్లు ఆగాలో ముందే చెబితే ఆర్డర్లు తగ్గుతాయి. అందుకని దగ్గరి తేదీ వేసి, తర్వాత సర్దిచెప్పుకోవచ్చు.

వాస్తవం: తయారీదారులను అన్నిటికంటే ఎక్కువగా నష్టపరిచేది ఈ నమ్మకమే. అయిదు వారాలని చదివి డబ్బు కట్టినవారు ఓపికగానే ఉంటారు. రెండు వారాలని చదివి కట్టినవారు పదిహేనో రోజున ఫోన్ చేస్తారు, ఆ తర్వాత మనం ఏ కారణం చెప్పినా అది సాకుగానే వినిపిస్తుంది.

ఇరవై కిలోల బ్యాచ్‌నే లెక్క వేసి చూద్దాం. డెబ్బై శాతం డార్క్ చాక్లెట్‌కు 14 కిలోల కోకో పలుకులు, 6 కిలోల పంచదార కావాలి. వేయించి పొట్టు చెరిగేసరికి గింజల బరువులో దాదాపు నాలుగో వంతు పోతుంది కాబట్టి సుమారు 19 కిలోల గింజలతో మొదలుపెట్టాలి. 60 గ్రాముల బార్లు లెక్క ప్రకారం 333 రావాలి గాని, రాళ్లకూ గిన్నెలకూ అంటుకునేది, విరిగేది తీసేస్తే 300 బార్లకు మించి ఆర్డర్ తీసుకోకూడదు. "300 మాత్రమే" అని పోస్టులో రాస్తే అది గిరాకీ పెంచే ఎత్తుగడ అని అనుమానించేవారు ఉంటారు. ఈ లెక్కను ఆ పక్కనే రాస్తే అనుమానానికి చోటుండదు.

ఇక రోజులు. వేయించడం, చెరగడం రెండు రోజులు, మెలాంజర్ మూడు రోజులు. ఆ తర్వాత చాక్లెట్‌ను దిమ్మలుగా పోసి మూడు వారాలు పక్కన పెడతాము. ఈ దశ లేకుండానే అమ్మేవారూ ఉన్నారు, అది తప్పేమీ కాదు. కానీ మా గింజల్లో పులిసినప్పటి ఆమ్లపు ఘాటు మొదట్లో ముందుకొస్తుంది, మూడో వారానికి అది తగ్గి కోకో రుచి నిలబడుతుంది. కొత్త ఆవకాయకూ ఊరిన ఆవకాయకూ ఉన్న తేడా అని రాసిన రోజు నుంచి ఈ ప్రశ్న సగానికి తగ్గింది. చివరగా బార్ మెరిసేలా చాక్లెట్‌ను వేడిచేసి చల్లార్చే టెంపరింగ్, మోల్డుల్లో పోయడం, చుట్టడం కలిసి ఒక వారం. అంతా కలిపితే అయిదు వారాలకు కాస్త తక్కువ. అందుకే పోస్టులో తేదీ వేయను, "ఫలానా వారంలో పంపుతాము" అని రాస్తాను, రద్దు చేసుకుంటే డబ్బు ఎప్పుడు తిరిగి వస్తుందో ఆ కిందనే చెబుతాను.

టెంపరింగ్ కుదరకపోతే బార్ మెరవదు, విరిచినప్పుడు టక్కుమని శబ్దం రాదు. అప్పుడు మళ్లీ కరిగించి, 45 డిగ్రీల పైకి వేడి చేసి, 28 దాకా చల్లార్చి, తిరిగి 31 దగ్గర నిలిపి పోయాలి. చాక్లెట్ పాడవదు గాని రెండు మూడు రోజులు పడుతుంది. ఆ సంగతిని ఆ సాయంత్రమే, కొత్త వారంతో సహా కొనుగోలుదారులకు తెలియజేయాలి.

అపోహ: రోజుకో కౌంట్‌డౌన్ పోస్టు పెడితే ఆసక్తి పెరుగుతుంది.

వాస్తవం: రోజుకో పోస్టు అక్కర్లేదు, అలాగని మౌనమూ కుదరదు. దిమ్మలు అల్మారాలో ఉన్న మూడు వారాలూ చూపించడానికి ఏమీ ఉండదని అందరూ మౌనంగా ఉంటారు, ఆందోళన పెరిగేది సరిగ్గా అప్పుడే. నేను ఆ వ్యవధిలో రెండే పోస్టులు రాస్తాను: మొదటి వారం దిమ్మ అంచు గీరి తింటే ఎలా ఉందో ఒకటి, మూడో వారం అదే దిమ్మ ఎలా మారిందో మరొకటి. మొదటిది పుల్లగా ఉందని దాచకుండా రాస్తేనే రెండోదానికి జనం ఎదురుచూస్తారు. దిమ్మ ఫొటో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: టెంపరింగ్ కాని దిమ్మ మీద తెల్లని చారలు ఉంటాయి, అవి పైకి తేలిన కోకో వెన్న. ఆ మాట రాయకపోతే గంటలో "బూజు పట్టింది" అనే పుకారు గ్రూపుల్లో తిరుగుతుంది. బూజు నూగుగా ఉండి ముక్కిపోయిన వాసన వేస్తుంది; ఇది అలా ఉండదు.

అపోహ: ముందు డబ్బు అడిగేవారందరూ మోసగాళ్లే.

వాస్తవం: ఈ భయాన్ని నేను తీసిపారేయను. రాజమహేంద్రవరం నుంచి ఒక పెద్దాయన మనవరాలి పుట్టినరోజుకు ఆరు బార్లు ఆర్డర్ చేసి, వారం తిరగకుండానే ఫోన్ చేశారు. అంతకుముందు ఎక్కడో డబ్బు కట్టి మోసపోయారట. "అమ్మా, వస్తాయి కదా?" అని ఆయన అడిగిన తీరుకు నొచ్చుకోవడానికి ఏమీ లేదు. ఆయన బ్యాచ్ నంబరు, ఆ రోజు తీసిన దిమ్మ ఫొటో పంపాను. అప్పటి నుంచి ప్రతి ఆర్డరు రసీదు మీదా బ్యాచ్ నంబరు వేస్తున్నాము, పోస్టుల్లోనూ అదే నంబరు వాడుతున్నాము.

అపోహ: పంపడం ఆలస్యం చేసేది కొరియర్ వాళ్లే.

వాస్తవం: కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ 40 దాటుతుంది కాబట్టి ఆ రోజుల్లో సోమ, మంగళ, బుధవారాల్లో మాత్రమే పంపుతాము, లేకపోతే పార్సిల్ ఆదివారం గోదాములో ఉండిపోతుంది. శుక్రవారం సిద్ధమైన బార్లు సోమవారం దాకా ఆగుతాయని మొదటి పోస్టులోనే రాయాలి.